బీఈడీ పరీక్షలకి లీవ్ లెటర్: క్లాసుల ఏర్పాటు మనమే రాయాలా, ప్రిన్సిపాల్ చూసుకోవాలా?

చాక్‌పీస్: ఏడు నుంచి పది దాకా నాలుగు తరగతులకి లెక్కలు చెప్తాను. ఉద్యోగం చేస్తూనే బీఈడీ చదువుతున్నాను. పరీక్షలు 9, 11, 13, 16, 18 తేదీల్లో, అంటే సోమ, బుధ, శుక్ర, మళ్ళీ సోమ, బుధ. ఉదయం 10 నుంచి 1 దాకా. ప్రిన్సిపాల్ గారికి లెటర్ రాస్తున్నాను. నా క్లాసులు ఎవరు తీసుకుంటారో కూడా అందులో రాయాలా? రాస్తే అతి చేసినట్టు అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

నల్లబల్ల: రాయొద్దు. సబ్‌స్టిట్యూషన్ వేయడం ఆఫీసు పని. మీరు పేర్లు రాసిచ్చారనుకోండి, ఆ రోజు ఆ టీచర్ రాకపోతే "మీరే కదా ఏర్పాటు చేశారు" అని మిమ్మల్నే అడుగుతారు. నాకు ఒకసారి అలాగే జరిగింది. నేను రాసిన సర్‌కి జ్వరం వచ్చింది, క్లాసు గంటసేపు ఖాళీగా ఉంది. తిరిగొచ్చాక సంజాయిషీ నేను రాసిచ్చాను. హాల్ టికెట్ కాపీ, తేదీలు, సంతకం చాలు.

అర్ధరాత్రి దీపం: బీఈడీ అంటున్నారు కాబట్టి స్టడీ లీవ్ అడగండి. నేను పీజీ చేసినప్పుడు ఏడాది పాటు తీసుకున్నాను, జీతం రాలేదు కానీ ప్రశాంతంగా చదువుకున్నాను. ఈ సీఎల్ లెక్కలన్నీ ఎందుకు?

చాక్‌పీస్: ఏడాది కాదండీ, నాకు కావలసింది ఐదు రోజులే.

టైమ్‌టేబుల్ ఇన్‌ఛార్జ్: స్కూల్లో టైమ్ టేబుల్ వేసేది నేనే. ఇలాంటి లెటర్లు నా టేబుల్ మీదికే వస్తాయి. నల్లబల్ల గారి భయంలో సగం నిజం ఉంది. "ఏర్పాటు చేశాను" అని రాస్తే బాధ్యత మీ మీదికే వస్తుంది. "ఇలా సర్దుబాటు చేయవచ్చని మనవి, మీ ఆమోదం కోరుతున్నాను" అని రాస్తే నిర్ణయం ప్రిన్సిపాల్‌దే అవుతుంది. మీరు ఇచ్చేది ప్రతిపాదన మాత్రమే.

ఇక అసలు విషయం. రోజుకి నాలుగు పీరియడ్లు, ఐదు రోజులు, మొత్తం ఇరవై పీరియడ్లు పోతాయి. లెటర్‌లో ఏమీ లేకపోతే ఉదయం ఎవరు లీజర్‌లో కనిపిస్తే వాళ్ళని పంపుతాం. వెళ్ళినవాళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టి వచ్చేస్తారు. అంటే పదో తరగతికి ఐదు లెక్కల క్లాసులు పోయినట్టే. మీరు వారం ముందు కూర్చుని మార్పిడి చేసుకుంటే అవి పోవు.

ఉదాహరణకి సోమవారం రెండో పీరియడ్ మీది, పదో తరగతి. మంగళవారం నాలుగో పీరియడ్ అదే తరగతికి సైన్స్ మేడమ్‌ది. సోమవారం మీ గంటలో ఆవిడ సైన్స్ చెప్తారు, మంగళవారం ఆవిడ గంటలో మీరు లెక్కలు చెప్తారు. పిల్లలకి ఒక రోజు సైన్స్ రెండుసార్లు, మర్నాడు లెక్కలు రెండుసార్లు. ఏ సబ్జెక్టూ వెనకబడదు, ఎవరి మీదా అదనపు భారం ఉండదు. అయితే టైమ్ టేబుల్‌లో రెండు గడులు చూడాలి: సోమవారం రెండో గంటలో ఆవిడ ఖాళీగా ఉన్నారా, మంగళవారం నాలుగో గంటలో మీరు ఖాళీగా ఉన్నారా. మొదటిది చూసి రెండోది మర్చిపోతారు, ఒకే గంటకి రెండు క్లాసుల నుంచి పిలుపు వస్తుంది. మీ పరీక్షలు రోజు విడిచి రోజు ఉండటం అదృష్టమే. 10, 12, 14, 17, 19 తేదీల్లో బాకీ తీర్చేయొచ్చు.

హిందీ పండిట్: మార్పిడి మంచిదే, కానీ అన్ని తరగతులకీ కుదురుతుందా? నాలుగు తరగతులకీ ఐదేసి అంటే చిన్న విషయం కాదు.

టైమ్‌టేబుల్ ఇన్‌ఛార్జ్: కుదరదు. పది, తొమ్మిది తరగతులకి మార్పిడి చేసుకోండి, పది పీరియడ్లు తేలిపోతాయి. ఏడు, ఎనిమిదికి పర్యవేక్షణ చాలు. ఆ గంటలో చేయడానికి అయిపోయిన పాఠంలోంచి లెక్కలు ఇవ్వండి, కొత్త పాఠం ఇవ్వొద్దు. ఒకసారి మా దగ్గర ఒక మేడమ్ ఏడో తరగతికి కొత్తగా భిన్నాల కూడిక వదిలి వెళ్ళారు. క్లాసులో కూర్చున్నది తెలుగు సర్. ఆయన తప్పు లేదు, పిల్లలు అడిగితే తోచింది చెప్పారు. మేడమ్ వచ్చి నోట్ బుక్కులు తెరిస్తే అందరూ హారాలు కూడేశారు. 1/2 + 1/3 కి వరసగా 2/5 అనే జవాబు. దాన్ని సరిచేయడానికి ఆవిడకి మళ్ళీ మూడు క్లాసులు పట్టింది.

నల్లబల్ల: మీరు చెప్పింది బాగుంది. కానీ తోటి టీచర్లని బతిమాలుకోవడం కూడా మన పనేనా? మొహమాటానికి ఒప్పుకుని తర్వాత స్టాఫ్‌రూమ్‌లో విసుక్కుంటారు.

హిందీ పండిట్: అడగకుండా పేరు రాస్తే ఇంకా విసుక్కుంటారండీ. నా పేరు నోటీసు బోర్డు మీద చూసి తెలుసుకున్న రోజులున్నాయి. చాలా బాధేసింది. ముందు అడిగి, కాగితం మీద వాళ్ళ చిన్న సంతకం తీసుకోండి. అడ్జస్ట్‌మెంట్ కాగితం వేరుగా పెట్టి లెటర్‌కి జతచేస్తే, ఏదైనా మారినా లెటర్ మళ్ళీ రాయక్కర్లేదు.

టైమ్‌టేబుల్ ఇన్‌ఛార్జ్: అవును. లెటర్ పొట్టిగా ఉండాలి. ఇలా:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
ఈ నెల 9, 11, 13, 16, 18 తేదీల్లో ఉదయం 10 నుంచి 1 గంట వరకు నాకు బీఈడీ పరీక్షలు ఉన్నాయి. కేంద్రం దూరం కావడం వల్ల మధ్యాహ్నం క్లాసులకి తిరిగి రాలేను. దయచేసి ఆ ఐదు రోజులు సెలవు మంజూరు చేయగలరు. నా పీరియడ్ల సర్దుబాటు ప్రతిపాదన, సంబంధిత టీచర్ల అంగీకారంతో, దీనికి జతచేశాను. మీరు సూచించే మార్పులు పాటిస్తాను. పరీక్ష తేదీలు మారితే తెలిసిన రోజే తెలియజేస్తాను. హాల్ టికెట్ కాపీ జతచేశాను."

మధ్యాహ్నం గురించిన వాక్యం తప్పక ఉండాలి. పరీక్ష ఒంటిగంటకి అయిపోతుందని తెలిస్తే "సగం రోజు సరిపోతుంది కదా" అంటారు. కేంద్రం దగ్గరే అయితే సగం రోజే అడగండి, మధ్యాహ్నం పీరియడ్లు మీరే తీసుకోవచ్చు. తేదీలు మారడం గురించి రాసిన వాక్యం కూడా అంతే ముఖ్యం. వాయిదా పడితే సర్దుబాటు మొత్తం తిరగరాయాలి.

అర్ధరాత్రి దీపం: మరి పరీక్ష ముందు రోజు? చదువుకోవడానికి ఆ రోజు కూడా సెలవు అడగాలి. నేనైతే అడుగుతాను.

హిందీ పండిట్: అడిగితే మార్పిడి లెక్క పోతుంది. 10న, 12న వచ్చి బాకీ తీరుస్తాననే కదా ఆ టీచర్లు ఒప్పుకున్నది.

నల్లబల్ల: అలసిపోయి పరీక్ష రాసేది మనం. ఏదో ఒక పేపర్ ముందు ఒక్కరోజైనా అడగడం తప్పు కాదని నా అభిప్రాయం.

చాక్‌పీస్: సైన్స్ మేడమ్‌ని అడిగాను, సంతోషంగా ఒప్పుకున్నారు. టైమ్ టేబుల్ చూస్తే ఒక్క చోట ఇరుక్కుంది. 13న శుక్రవారం రెండో పీరియడ్‌లో ఆవిడకి తొమ్మిదో తరగతి ఉంది. సోషల్ సర్‌కి ఆ గంట ఖాళీయే, కానీ ఆయనకి శుక్రవారం అప్పటికే ఆరు పీరియడ్లు.

టైమ్‌టేబుల్ ఇన్‌ఛార్జ్: ఆరున్న ఆయనకి ఏడోది వేయకండి. ఆ గడి ఖాళీగానే వదిలి, "13న రెండో పీరియడ్‌కి సర్దుబాటు కుదరలేదు, మీరు సూచించగలరు" అని కాగితం అడుగున రాయండి. ఇరవైలో పంతొమ్మిది తేల్చి ఒకటి అడిగితే ఎవరూ కాదనరు.

నల్లబల్ల: ఆ ఒక్కటి ప్రిన్సిపాల్ వేయగలిగితే మిగతా పంతొమ్మిదీ వేయగలరు. నేను ఇంకా నా మాట మీదే ఉన్నాను.