మావారి బీమా డబ్బు 50 లక్షలు: భద్రంగా ఉండాలి, కొంత పెరగాలి. ఎలా సర్దుకోవాలి?

లలిత, కె.ఆర్.పురం, బెంగళూరు

అందరికీ నమస్కారం. మావారు ఐదు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. వైట్‌ఫీల్డ్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేవారు. ఆయన టర్మ్ పాలసీ డబ్బు 50 లక్షలు పోయిన నెల నా ఖాతాలో పడింది. నాకు 44 ఏళ్లు. దగ్గర్లోనే ఒక స్కూల్లో టీచర్‌ని, చేతికి 30 వేలు వస్తుంది. పాప తొమ్మిదో తరగతి, బాబుకు ఎనిమిదేళ్లు. అద్దె, ఫీజులు, ఇంటి ఖర్చు అన్నీ కలిపి నెలకు 52 వేలు అవుతోంది. అప్పులేమీ లేవు.

నాకు కావలసింది రెండే. అసలు పోకూడదు. బాబు కాలేజీకి వచ్చేనాటికి ఆ డబ్బుకు విలువ మిగలాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. డబ్బు పడిన వారానికే బ్యాంకు నుంచి ఒకాయన ఇంటికొచ్చి ‘ఎఫ్‌డీ లాంటిదేనమ్మా, గ్యారంటీ, చివర్లో రెట్టింపు’ అని చెప్పి సంతకాలు తీసుకున్నారు. అందులో 5 లక్షలు వెళ్లాయి. మిగతా 45 లక్షలు సేవింగ్స్‌లోనే ఉన్నాయి. పెద్దవాళ్లు దారి చెప్పండి.

రమణయ్య, రామ్మూర్తినగర్

అమ్మా లలితా, ముందు ధైర్యంగా ఉండు. ఇంత ఆలోచన అక్కర్లేదు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షలు పెట్టు, 8.2 శాతం వస్తుంది. భర్త పోయినవాళ్లకు వయసులో మినహాయింపు ఉంది. మిగతాది ఒక ప్రభుత్వ బ్యాంకులో ఫిక్సెడ్ వేసెయ్యి. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఇంతే, పైసా పోలేదు.

విజయలక్ష్మి, మారతహళ్ళి

రమణయ్యగారూ, ఆ మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ అది ఉద్యోగంలో ఉండగా చనిపోయిన ప్రభుత్వోద్యోగి భార్యకో భర్తకో, అదీ చనిపోయేనాటికి ఆ ఉద్యోగికి 50 ఏళ్లు నిండి ఉంటేనే. లలితగారి భర్తది ప్రైవేటు ఉద్యోగం, ఆవిడకు 44. ఆ స్కీము ఇప్పుడు కుదరదు.

లలితగారూ, నేను బ్యాంకులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మిగతావన్నీ వారం ఆగినా ఫర్వాలేదు, ఆ 5 లక్షల సంగతి మాత్రం ఇవాళే చూడండి. వచ్చిన కాగితంలో ‘ప్రీమియం చెల్లించే కాలం’ అన్న చోట ఏముంది? బాండు మీ చేతికి ఏ తేదీన అందింది?

లలిత

ప్రీమియం చెల్లించే కాలం 10 సంవత్సరాలు అని ఉందండీ! ఒక్కసారి కడితే చాలనుకున్నాను. 20వ ఏట కోటి వస్తుందని రాశారు. బాండు మెయిల్‌లో వచ్చి 12 రోజులైంది.

విజయలక్ష్మి

అయితే టైముంది. పాలసీ బాండు అందిన నాటి నుంచి 30 రోజుల్లోపు, నచ్చలేదని వెనక్కి ఇచ్చే హక్కు మీకుంది. దాన్ని ‘ఫ్రీ లుక్’ అంటారు. స్టాంపు ఖర్చు, వైద్య పరీక్ష చేసి ఉంటే దాని ఖర్చు, ఆ కొద్ది రోజుల బీమా రక్షణకు అయ్యే చిన్న మొత్తం పట్టుకుని మిగతాది తిరిగి ఇస్తారు. దరఖాస్తు బీమా కంపెనీకే ఇవ్వాలి. బ్యాంకాయనకు ఫోన్‌లో చెబితే లెక్కలోకి రాదు, ‘ఒక్క నెల ఆగండమ్మా’ అంటే అసలు ఆగకండి. మెయిల్ పంపండి, బ్రాంచిలో కాగితం ఇచ్చి తేదీతో ముద్ర వేయించుకోండి.

ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడండి. ఏటా 5 లక్షల చొప్పున పదేళ్లు కడితే 50 లక్షలు. 20వ ఏడాది చివర కోటి. వినడానికి రెట్టింపే. కానీ మొదటి 5 లక్షలు 20 ఏళ్లు కూర్చుంటాయి, చివరి 5 లక్షలు 11 ఏళ్లు. ఏడాదికి ఎంత పడిందని చూస్తే నాలుగున్నర శాతం దగ్గర తేలుతుంది. మామూలు ఎఫ్‌డీ కంటే తక్కువ. పైగా నాలుగో ఏడాది పాప ఫీజు వచ్చిపడి ప్రీమియం కట్టలేకపోతే, పాలసీని మధ్యలో వదిలేసి సరెండర్ చేసినప్పుడు కట్టినదాంట్లోనే కొంత పోతుంది.

మాధవి, టి.సి.పాళ్య

లలితక్కా, క్లెయిమ్ ఆలస్యం చేస్తుంటే బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, బెంగళూరులోనే ఆఫీసుంది.

లలిత

క్లెయిమ్ వచ్చేసింది మాధవీ. వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాలన్నదే నా బెంగ.

మాధవి

అయ్యో, సరిగా చదవలేదక్కా. అయితే మా అమ్మ సంగతి చెబుతాను. నాన్న పోయాక వచ్చిన 12 లక్షలు ఒక సహకార బ్యాంకులో వేసింది, మిగతావాళ్లకంటే ఒక శాతం ఎక్కువ ఇస్తున్నారని. ఒకరోజు రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టింది. డిపాజిట్ బీమా కింద 5 లక్షలు వచ్చాయి. మిగతా 7 లక్షల కోసం అమ్మ ఇప్పటికీ ఆ మెట్లు ఎక్కి దిగుతోంది. ఆ ఒక్క శాతం కోసం మీరు అటు వెళ్లకండి.

విజయలక్ష్మి

మాధవి చెప్పింది చాలా ముఖ్యం. ఒక మనిషికి ఒక బ్యాంకులో ఉన్న అన్ని డిపాజిట్లూ, అన్ని బ్రాంచీలూ కలిపి, వడ్డీతో సహా 5 లక్షల వరకే బీమా. పెద్ద ప్రభుత్వ బ్యాంకు మునుగుతుందని నేను భయపెట్టడం లేదు, రమణయ్యగారి అనుభవం తప్పూ కాదు. కానీ పంచిపెట్టడానికి ఖర్చేమీ లేనప్పుడు పంచడమే మేలు.

ఇక అసలు విషయం. మీ ఖర్చుకూ జీతానికీ మధ్య నెలకు 22 వేలు లోటుంది. ముందు ఆ లోటు పూడాలి, అప్పుడే మిగతా డబ్బును ముట్టుకోకుండా ఉంచగలరు. మావారి పీఎఫ్ ఆఫీసులో పని పూర్తయిందా?

లలిత

పీఎఫ్ డబ్బుకు కంపెనీవాళ్లు ఒక ఫారం పెట్టించారు. ఇంకేమైనా ఉంటుందా?

విజయలక్ష్మి

క్షమించండి, ‘మీవారి’ అనబోయి ‘మావారి’ అని రాశాను.

ఉంటుంది, రెండున్నాయి. ఒకటి పెన్షన్. భార్యకు జీవితాంతం, మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగుతుంది. దానితోపాటు ఇద్దరు పిల్లలకు, ఒక్కొక్కరికి మీ పెన్షన్‌లో పాతిక శాతం, 25 ఏళ్లు వచ్చేదాకా. దానికి ఫారం 10డి. రెండోది పీఎఫ్‌తో ముడిపడిన బీమా, ఇది 7 లక్షల వరకూ వస్తుంది. దానికి ఫారం 5ఐఎఫ్. చాలామంది పీఎఫ్ డబ్బు తీసుకుని ఈ రెండూ అడగకుండా వచ్చేస్తారు. కంపెనీ హెచ్‌ఆర్‌ను ఈ పేర్లతోనే అడగండి.

50 లక్షలను నేనైతే ఇలా సర్దుతాను. పాలసీ డబ్బు తిరిగి వస్తుందన్న లెక్కతో చెబుతున్నాను.

4 లక్షలు చేతికందేలా సేవింగ్స్‌లో, మిగులు దానంతటదే ఎఫ్‌డీగా మారే ఆటో స్వీప్‌లో ఉంచండి. ఏడెనిమిది నెలల ఖర్చు. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో ఒక్కరి పేరున గరిష్ఠంగా 9 లక్షలు పెట్టవచ్చు. 7.4 శాతం లెక్కన నెలకు 5,550 చేతికొస్తుంది, ఖాతా తెరిచిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. ఇంకో 15 లక్షలు ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్లలో. ఇది ప్రభుత్వ హామీ ఉన్న డబ్బు. 8.05 శాతం మీద ఆరు నెలలకోసారి 60 వేల పైచిలుకు వస్తుంది, నెలకు పది వేలు అనుకోండి. ఈ రెండూ కలిపి 15,600. మిగిలే 6,400లో పెన్షన్ ఎంత పూడిస్తుందో చూడాలి, తక్కువైతే చేతిలో ఉన్నదాంట్లోంచి తీసుకోవచ్చు.

ఈ బాండ్లలో ఒక చిక్కుంది. ఏడేళ్లు కదలవు. ముందే తీసుకునే వీలు అరవై దాటినవాళ్లకే. రేటు కూడా ప్రతి జనవరి, జూలైలో మారుతుంది, తగ్గనూవచ్చు.

12 లక్షలు పాప చదువుకు. మూడు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలు, మూడేళ్ల ఎఫ్‌డీ. ఆరున్నర శాతం మీద మూడేళ్లకు ఒక్కొక్కటి 4.85 లక్షలవుతుంది, అంటే వడ్డీతో కలిపినా 5 లక్షల బీమా దాటదు. సెకండ్ పీయూసీకి వచ్చేసరికి చేతికొస్తుంది. కాకపోతే మీ సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకును ఈ మూడింటిలో చేర్చకండి.

మిగిలిన 10 లక్షలు బాబు కోసం పెరగడానికి, షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో.

సురేశ్, హెబ్బాళ

మేడమ్, 50లో 10 మాత్రమేనా? బాబుకు ఇంకా పదేళ్లుంది. కనీసం 20 లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో పెట్టకపోతే ధరల పెరుగుదల మింగేస్తుంది. వడ్డీ అంతా ప్రతినెలా ఖర్చయిపోతుంటే ఆ 24 లక్షల అసలు పదేళ్ల తర్వాత కూడా 24 లక్షలే కదా!

విజయలక్ష్మి

ఆ మాట ఒప్పుకుంటాను సురేశ్. ఈ పద్ధతిలో ఉన్న లోపం అదే. కానీ 2020లో జనవరి నుంచి మార్చి 23 లోపు నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. 10 లక్షలుంటే 3.8 లక్షలు తగ్గినట్టు కనబడుతుంది, మొత్తంలో ఎనిమిది శాతం లోపే. 20 లక్షలుంటే 7.6 లక్షలు. ఆ ఏడాది నవంబరుకే కోలుకుంది, నిజమే. 2008లో సగానికి పైగా పడినప్పుడు కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. భర్త పోయి ఐదు నెలలైన మనిషి ఆ అంకె చూసి నిద్రపోగలదా, భయపడి అమ్మేస్తుందా అన్నదే నా లెక్క. అమ్మేస్తే ఆ నష్టం ఖాయమవుతుంది.

ఆ పది లక్షలు కూడా ఒకేసారి వద్దు. పెద్దగా ఒడిదుడుకులు లేని లిక్విడ్ ఫండ్‌లో ఉంచి, నెలకు 50 వేల చొప్పున 20 నెలల్లో ఇండెక్స్ ఫండ్‌లోకి మారేలా పెట్టండి. డైరెక్ట్ ప్లాన్ తీసుకోండి, మధ్యలో కమీషన్ ఉండదు.

సురేశ్

ఒకేసారి పెడితేనే చాలాసార్లు ఎక్కువ వస్తుంది మేడమ్. అయినా లలితగారి మనసుకు ఏది తేలికో అదే చేయనివ్వండి. పీఎఫ్ బీమా 7 లక్షలు వస్తే అప్పుడైనా అందులో సగం ఇటు మళ్లించమని నా మాట.

రమణయ్య

పన్ను సంగతి? 50 లక్షలకూ కట్టాలా?

విజయలక్ష్మి

మరణం మీద వచ్చిన బీమా సొమ్ముకు పన్ను లేదు. దాని మీద వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే. జీతం 3.6 లక్షలు, వడ్డీలన్నీ కలిపినా ఏడు లక్షలు దాటదు. కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను పడదు కాబట్టి కట్టాల్సింది ఉండదు. ఎక్కడైనా టీడీఎస్ పట్టుకుంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

లలిత (నాలుగు రోజుల తర్వాత)

పాలసీ రద్దు కాగితం ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. బ్యాంకాయన రెండుసార్లు ఫోన్ చేశారు, మెయిల్‌లో రాయమన్నాను. హెచ్‌ఆర్ అమ్మాయి 10డి, 5ఐఎఫ్ రెండూ పంపింది, ఆయన మరణ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు జత చేస్తున్నాను. పోస్టాఫీసు ఖాతా సోమవారం తెరుస్తాను.

బాండ్ల దగ్గర మాత్రం ఆగాను. మా అమ్మ చిత్తూరుకు వచ్చేయమంటోంది. పాప పదో తరగతి అయ్యాక వెళ్తే అక్కడ చిన్న ఇల్లు కొనాలేమో. అలాంటప్పుడు 15 లక్షలు ఏడేళ్లు కట్టిపడేయడం సరేనా?

విజయలక్ష్మి

అయితే 15 వద్దు. ఇల్లు సంగతి తేలేదాకా బాండ్లలో 5 లక్షలే పెట్టండి. మిగతా 10 లక్షలు ఇంకో మూడు బ్యాంకుల్లో ఏడాది ఎఫ్‌డీలుగా, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొచ్చేలా వేయండి. వడ్డీ కొంత తగ్గుతుంది, లోటు నెలకు వెయ్యో పదిహేను వందలో పెరుగుతుంది. పెన్షన్ ఎంతో తెలిశాక మళ్లీ కలిసి లెక్క వేద్దాం.