సమస్యాపూరణం: మాటలాడకుండ మాటలాడె

పృచ్ఛకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

మాటలాడకుండ మాటలాడె

సందర్భం కూడా చెబుతున్నాను. దగ్గరి బంధువు పెళ్ళి రిసెప్షన్‌లో ఒకరికొకరు తెలియని అతడు, ఆమె పక్కపక్క కుర్చీలలో కూర్చున్నారు. పూరించేవారు అతడి వేషమో, ఆమె వేషమో వేసి పద్యం చెప్పాలి. ఒక చిక్కు ఉంది, చూసుకోండి: “ఆడె” ప్రథమ పురుష క్రియ కనుక వేషం వేసినవారు తమ గురించి కాక ఎదుటివారి గురించే చెప్పవలసి వస్తుంది.

కొత్త కలం: నేను ఆమె వేషం వేస్తున్నాను. ఛందస్సు నేర్చుకొని మూడు నెలలే అయింది.

పెండ్లి విందునందు పక్క కుర్చీ వైపు
చూచి చూడనట్లు చూపు తిప్పి
మంచినీళ్ళ గ్లాసు మాటిమాటికి నెత్తి
మాటలాడకుండ మాటలాడె

గోదారిగట్టు: గ్లాసు బాగుంది. దాహం లేనివాడు నీళ్ళు తాగుతున్నాడంటే మాట కోసం తడుముకొంటున్నాడని వేరే చెప్పనక్కరలేదు. గణాలు కూడా సరిపోయాయి. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. “పె”కు “ప”తో హల్లు కలిసింది గాని అచ్చు కలవలేదు. ఎకారానికి ఇ, ఈ, ఏలతో మైత్రి ఉంటుంది, అకారంతో ఉండదు.

కొత్త కలం: హల్లు ఒకటైతే చాలుననుకొన్నాను. “బావ పెండ్లి విందు పక్క కుర్చీ వైపు” అంటే సరిపోతుందా?

గోదారిగట్టు: సరిపోతుంది. బ, ప ఒకే వర్గం, అచ్చు కూడా కుదిరింది. పైగా పెళ్ళి ఎవరిదో తెలిసింది, అది మొదటి పాఠంలో లేదు.

విశ్రాంత పండితుడు: నా పూరణను చిత్తగించండి.

తెరను దింపినంతఁ దేఱి చూచె వధువు
జీరకమ్ము గుడము చేతఁ బట్టి
వరుని శిరసు మీఁద వంగి యుంచెడి వేళ
మాటలాడకుండ మాటలాడె

వంటింటి ఛందస్సు: పద్యం నడక హాయిగా ఉంది, యతులకు వంక లేదు. కాని మాస్టారూ, ఇది ముహూర్తం, రిసెప్షన్ కాదు. వధూవరులు అపరిచితులు కూడా కారు. పైగా మన ఇళ్ళలో జీలకర్ర బెల్లం తెర అడ్డంగా ఉండగానే పెట్టుకొంటారు, ఆ తరువాతనే తెర తీస్తారు. మీ పద్యంలో ముందు తెర దిగింది.

విశ్రాంత పండితుడు: క్రమం తప్పినమాట నిజమే. అయినా మా కాలంలో పీటల మీదనే మొదటిసారి చూసుకొన్న జంటలు ఎన్నో ఉన్నాయమ్మా, అందులో మాదీ ఒకటి. అపరిచితులంటే నాకు మేమే తోచాము.

వంటింటి ఛందస్సు: అలాగైతే మిమ్మల్ని తప్పుపట్టలేను. నేను అతడి వేషం వేస్తాను. చదివింపుల బల్ల దగ్గర కవరు పట్టుకొని నిలబడ్డాడు, పేరు రాయలేదు.

కవరు మీఁద వ్రాయఁ గలము లేక నిలువ
సంచి నుండి తీసి చాచె నొకటి;
మూత విప్పి యిచ్చి మూత చేతనె పట్టి
మాటలాడకుండ మాటలాడె

గోదారిగట్టు: మూడో పాదం దగ్గర ఆగిపోయాను. మూత ఆమె చేతిలో ఉన్నంతసేపు పెన్ను పట్టుకొని అతడు ఎక్కడికీ పోలేడు, తిరిగి రావలసిందే. సమస్యలోని వైరుధ్యం అక్కడే విడిపోయింది. అయితే చాచేది చేతిని గాని కలాన్ని కాదు కదా?

వంటింటి ఛందస్సు: “చేయి చాచి ఇచ్చె” అనే అర్థంలో వాడాను. “సం”కు యతి కుదిరే మరో మాట దొరకలేదని కూడా ఒప్పుకొంటాను.

గోదారిగట్టు: యతి కోసం వాడినట్లు తెలిసిపోతున్నది. నాకు ఇంకా ఒప్పుదల కాలేదు.

పసుపు కవరు: మొన్న మా పిన్ని కూతురి రిసెప్షన్‌లో చదివింపుల బల్లకు పెన్నును దారంతో కట్టి ఉంచారు. ఇక ఈ పద్యానికి ఆస్కారం ఎక్కడిది?

వంటింటి ఛందస్సు: దారం కట్టిన పెన్ను ఎప్పుడైనా రాసిందా, చెప్పండి.

కొత్త కలం: మళ్ళీ ఆమె వేషమే వేసి, ఆ మూత కథను ఒక అడుగు ముందుకు జరుపుతాను. అతడు కవరు మీద పేరు రాయడం ఆమె చూసింది.

ఇంటిపేరు చూచి యెవరి తరపు వారొ
యడుగఁ దలఁచి నోట నాఁగె మాట;
మూత కొరకుఁ జేయి మునుముందుగాఁ జాచి
మాటలాడకుండ మాటలాడె

గోదారిగట్టు: నాలుగు యతులూ కుదిరాయి, చాచింది చేతినే. “నాఁగె” దగ్గర నకారం ద్రుతానిది, లోపలి ఆకారంతోనే యతి. అది తెలిసి వేశారా?

కొత్త కలం: తెలియదండీ, చెవికి బాగుందని వేశాను.

పృచ్ఛకుడు: ఆగిన ఆ మాటను ఇక అనిపించాలి. “మీరు ఎవరి తరపండీ?” అని ఆమె అడిగింది, “పెళ్ళికొడుకు మేనత్త కొడుకునండి” అని అతడు చెప్పాడు అనుకొందాం. వచ్చే వారం సమస్య అతడి నోట మొదలవుతుంది. పెన్ను ఇంకా అతడి దగ్గరే ఉంది.