భర్త దాచిన అప్పు: నా డిపాజిట్ విరగ్గొట్టి తీర్చేయనా?

నీలిమేఘం: బీరువాలో ఇంకేదో వెతుకుతుంటే మా ఆయన క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ దొరికింది. 2 లక్షల బాకీ. నిలదీస్తే పర్సనల్ లోన్ ఇంకో 3 లక్షలుందన్నారు. నా పేరున ఉన్న డిపాజిట్ విరగ్గొడితే రెండూ తీరిపోతాయి. విరగ్గొట్టనా?

సూటిమాట: ఆలోచనెందుకండీ, కట్టేయండి. డిపాజిట్ మీద వచ్చేది కార్డు వడ్డీలో పిసరంత ఉండదు. పైగా ఆయన అప్పు ఎలాగూ మీ అప్పే.

పాతలెక్కలు: వడ్డీ మాట నిజం, రెండోది కాదు. ఆయన ఒక్కరే సంతకం పెట్టిన అప్పు మీ మెడకు చుట్టుకుంటుందా లేదా అన్నది మీ చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. మీరే హామీ సంతకం పెడితే మాత్రం తప్పించుకోలేరు. లోన్లన్నీ కలిపి కొత్త లోన్ తీసుకుందామంటే అక్కడ జాగ్రత్త.

అసలు 5 లక్షలే అని ఎలా నమ్మారు? అప్పు దాచినవాళ్లు తిట్లకు భయపడి మొదట సగమే చెబుతారు. క్రెడిట్ రిపోర్ట్ ఆయన చేతే తీయించి కలిసి చూడండి. అందులో చేబదుళ్లు కనిపించవు. అందుకే ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని, ప్రతినెలా ఒకే తేదీన, ఒకే మొత్తం ఎటు పోతోందో వెతకండి.

కార్డుకి నెలకు 3 శాతం వడ్డీ అనుకుంటే 2 లక్షలకు 6,000. మినిమమ్ 5 శాతం, అంటే 10,000 కడితే అసలు తగ్గేది 4,000. బాకీతోపాటు మినిమమ్ కూడా తగ్గుతుంది కాబట్టి ఏళ్లు సాగుతుంది. కార్డు మళ్లీ గీకకుండా నెలనెలా 20,000 కట్టండి, ఏడాదికి కాస్త అటూఇటూగా తీరిపోతుంది. ఈలోగా లోన్ కిస్తీ మాత్రం తప్పకూడదు.

ఒంటిచెట్టు: నేను మా ఆవిడ కార్డు బాకీ ఒక్క దెబ్బతో తీర్చాను. కార్డు మాత్రం ఆమె పర్సులోనే ఉండిపోయింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ అంతే. ఎందుకు చేసిందో నేను అడగలేదు, అరిచానంతే. పుట్టింటికి పంపుతోందని చాలా రోజులకు తెలిసింది. మగాళ్లే దాస్తారన్నట్టు రాయకండి.

నీలిమేఘం: అలా రాయలేదండీ, నా సంగతి చెప్పానంతే.

నిన్న రాత్రి స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చున్నాం. ప్రతి 7వ తేదీన 8,000 ఒకే పేరుకి వెళ్తోంది. వేలు పెట్టి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. స్నేహితుడి దగ్గర చేబదులట, లక్షా పదివేలు మిగిలుందట. చెప్పాక ఆయన ముఖమే తేలికపడింది, నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

సూటిమాట: అయినా సరే, వడ్డీ ఆగదు కదా. కార్డు వరకైనా కట్టేయండి.

పాతలెక్కలు: కార్డు రద్దు చేయించే షరతు మీద అయితే నేనూ సరే అంటాను. మిగతా డిపాజిట్ ముట్టుకోవద్దు. ఒకరి జీతం ఆగితే ఇల్లు గడవాలిగా.

నీలిమేఘం: కార్డు రద్దుకి ఆయన ఇంకా ఒప్పుకోలేదు. అత్యవసరానికి ఉండనీ అంటున్నారు.