కారం, కొవ్వు దండిగా ఉన్న భోజనానికి ఏ పానీయం, ఏ తీపి?

కొత్తవంట: ఆదివారం 12 మందికి విందు ఇస్తున్నాను. ప్రధాన వంటకం నూనె పైకి తేలేంత చిక్కగా, బాగా కారంగా ఉండే మాంసం కూర. వెంట తాగడానికి ఏమివ్వాలి, చివరికి ఏ తీపి పెట్టాలి? రెండూ ముందు రోజే చేసిపెట్టుకునేవైతే మేలు.

విందుకర్త: 20 ఏళ్లుగా విందులకు వండుతున్నవాడిగా చెబుతున్నాను, చల్లని సోడాను మించింది లేదు. నోటికి పట్టిన జిడ్డును అది వెంటనే వదిలిస్తుంది. తీపికి చిక్కని మీగడ పుడ్డింగ్ పెట్టండి.

రుచిశోధన: జిడ్డు మాటను ఒప్పుకుంటాను, కారం మాటను ఒప్పుకోలేను. మిరపలోని క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, పైగా వేడిని గుర్తించే నాడులనే అది రేపుతుంది. సోడాలోని బుడగల చురుకు అదే నాలుకపై మరో మంటగా తోడవుతుంది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక నుంచి తప్పిస్తుంది కాబట్టి, వెన్న తీసిన పాలైనా పనిచేస్తాయి.

విందుకర్త: ఇన్నేళ్లలో నా అతిథుల్లో ఒక్కరూ సోడా వద్దనలేదు. పుస్తకాల మాటలతో వంట సాగదు.

రుచిశోధన: పుస్తకం వద్దు, మీరే చూడండి. ఒకే కూర రెండు ముద్దలు తిని, ఒకసారి సోడా, కొంత విరామం తరువాత మరోసారి పలుచని పెరుగు పానీయం తాగి, నిమిషం తరువాత మంట ఎంత మిగిలిందో పోల్చండి. చల్లదనం వల్ల కలిగే ఉపశమనం మింగిన కాసేపటికే పోతుంది. సోడా విషయంలో మిమ్మల్ని మోసం చేస్తున్నది అదే.

పాలుపడవు: నాకు పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది. పోయినసారి ఒక విందులో పాల పానీయం తప్ప మరేదీ లేక మంటతోనే లేచాను. అందరికీ పాలే పెట్టేస్తారా?

రుచిశోధన: మీలాంటివారికి పంచదార బాగా కలిపిన నిమ్మనీళ్లు వేరే జగ్గులో ఉండాలి. తీపి కూడా మంటను తగ్గిస్తుంది. పులుపు ఎక్కువైతే మాత్రం పుండైన నాలుకకు కష్టం.

పళ్లబుట్ట: తీపి సంగతి అందరూ వదిలేశారు. కొవ్వు కడుపును నెమ్మదిగా ఖాళీ కానిస్తుంది, అందుకే మీగడ పుడ్డింగ్ ఎదుటకు వచ్చేసరికి సగం మంది చెంచా ముట్టరు. 12 మందికి నేను 1 కిలో పుల్లని పళ్ల గుజ్జులో 200 గ్రాముల పంచదార కలిపి, ముందు రోజే గడ్డకట్టించి, గంటకోసారి ఫోర్కుతో గీకి పెట్టాను. గడ్డకట్టాక తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి, గుజ్జు రుచి చూసినప్పుడు కాస్త ఎక్కువ తీపిగానే అనిపించాలి. మొదటిసారి నాలుకకు సరిపోయినంతే వేసి, చప్పటి మంచుముక్కలు వడ్డించాను.

విందుకర్త: పండు తీపి పిల్లలకు సరిపోతుంది. విందుకు చిక్కదనం ఉండాలి.

కొత్తవంట: పళ్ల మంచు శనివారమే చేస్తాను. పెరుగు పానీయం కూడా అప్పుడే కలిపితే ఆదివారానికి పులిసిపోదా?

పళ్లబుట్ట: పెరుగును ఫ్రిజ్‌లో ఉంచి, వడ్డించే గంట ముందు చల్లని నీళ్లు కలిపి గిలకొట్టండి. ముందే కలిపితే నీరు పైకి తేలుతుంది.