రాత్రి లెక్క పగటి లెక్క కంటే ఎక్కువ వస్తోంది, నివేదికలో ఏం రాయాలి?

చంద్రగిరి_కుర్రాడు
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం తిరుపతి దగ్గరి ఒక జలాశయంలో జంతు ప్లవకాల నిలువు వలస, అంటే నీటిలో తేలే ఈ చిన్న పురుగులు పగలు లోతుకు దిగి రాత్రి పైకి రావడం, చూస్తున్నాను. మేము నమూనా తీసిన చోట లోతు 12 మీటర్లు. మూడేసి మీటర్ల చొప్పున నాలుగు పొరలుగా చేసి, ఒక్కో పొర మధ్య నుంచి సీసాతో నీళ్లు తీశాం. లీటరుకు వచ్చిన సంఖ్యలు పై నుంచి కిందికి: మధ్యాహ్నం 1, 2, 9, 4. రాత్రి పది గంటలకు 10, 7, 5, 2. వలస ఉందని అర్థమైంది. పైన తిండి దొరుకుతుంది, కానీ వెలుతురులో చేపలకు కనిపిస్తాయి; ఆ తిండికీ చేపల భయానికీ మధ్య బేరం గురించి ఎలా రాయాలో చెప్పండి. పడవ ఎక్కడ తక్కువకు దొరుకుతుందో కూడా చెప్పండి.

పేడ_చెక్క_రైతు
తమ్ముడూ, నీకు సంఖ్యల బాధ, నాకు చేప పిల్లలు పోయిన బాధ. చేప పిల్లల మడులు నావి, మీటరున్నర లోతు. 50 లీటర్లు వలలో వడకడితే అడుగున ఈ పురుగులు 2 మిల్లీలీటర్లు నిలవాలి, అప్పుడే పిల్లలు వదలాలి. ఒకసారి మిట్టమధ్యాహ్నం గట్టున నిలబడి పైనీళ్లు వడకట్టాను. అర మిల్లీలీటరు కూడా రాలేదు. మడిలో ఏమీ లేదనుకుని మళ్లీ పేడ, వేరుశనగ చెక్క కలిపాను. మూడో రోజు తెల్లవారుజామున పిల్లలన్నీ ఊపిరాడక మూతులు పైకి పెట్టి తేలాయి, సగం పోయాయి. పురుగులు అడుగున దాక్కున్నాయని తర్వాత తెలిసింది. ఇప్పుడు సూర్యుడు రాకముందే వడకడతాను.

ఎండకొండ
ఇందులో బేరం ఏముంది? ఎండ తట్టుకోలేక కిందికి వెళ్తాయి. మన తిరుపతి ఎండకు మనుషులే నీడ వెతుక్కుంటారు. చల్లటి నీటిలో ఒంటి ఖర్చు తగ్గుతుంది, శక్తి మిగులుతుంది. ఎక్కడో చదివాను కూడా.

నీటిఈగల_మేష్టారు
ఎండకొండ గారూ, మీరు చదివింది 1963 నాటి వాదం. చల్లదనంలో ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ గుడ్డు పొదిగే కాలం కూడా సాగుతుంది. తల్లి రోజుకు సగం సేపు చల్లటి చోట, అదీ ఆకలితో ఉంటే పిల్లల సంఖ్య పడిపోతుంది. చేపల భయం లేకుండా పైనే ఉండనిస్తే ఎక్కువ పిల్లలు పెడతాయి. కిందికి వెళ్లడం నష్టమే, ఆ నష్టం ఎందుకు భరిస్తాయన్నదే ప్రశ్న.

పోలండ్ శాస్త్రవేత్త గ్లివిచ్ టాట్రా కొండల చెరువులు చూశాడు. అన్నిటిలోనూ కోపిపాడ్ అనే జంతు ప్లవకం, అదీ ఒకే జాతి, ఎండ కూడా ఒకటే. చేపలు లేని చెరువుల్లో అది పగలూ రాత్రీ దాదాపు ఒకే లోతులో ఉండేది. చేపలు ఎంత పాతకాలం నుంచి ఉంటే పగటి దిగుడు అంత ఎక్కువ. ఎండే కారణమైతే ఇలా ఎందుకుంటుంది?

ఎండకొండ
కొండమీది చెరువుల కథ మన చెరువుకు పనికిరాదు. అతినీలలోహిత కిరణాలు పురుగులను చంపుతాయా లేదా, సూటిగా చెప్పండి.

నీటిఈగల_మేష్టారు
చంపుతాయి. అద్దంలాంటి నీళ్లలో అది పెద్ద విషయమే. పచ్చగానో మట్టిగానో ఉన్న మన నీళ్లలో ఆ కిరణాలు జానెడో బారెడో దిగేసరికి ఆగిపోతాయి. వాటి కోసం ఏడు మీటర్లు దిగనక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా సూక్ష్మదర్శినిలో ఇవే చూస్తున్నాను, నాకు ఎండ సంగతి చెప్పకండి.

ఎండకొండ
అనుభవం ఉంటే మర్యాద ఉండనక్కర్లేదా?

పులికాట్_పిల్ల
మా పులికాట్‌లో కూడా చూస్తారా? మనిషి లోతు కూడా లేని చోట్లే ఎక్కువ. దిగడానికి లోతు లేనిచోట పురుగులు ఏం చేస్తాయి?

సూక్ష్మదర్శిని_లక్ష్మి
లోతు లేని చెరువుల్లో కొన్ని జాతులు పక్కకు నడుస్తాయమ్మా. పగలు గట్టు వెంట కలుపులోకి, రాత్రి నడిమి నీటికి. ఉప్పు, పోటు నీళ్లు ఉన్నచోట మాత్రం వేరుగా చూడాలి.

చంద్రగిరి బాబూ, నీ ప్రశ్నను అందరూ వదిలేశారు. ముందు నీ సంఖ్యలనే కూడి చూడు. పగలు నాలుగు పొరలూ కలిపి 16, రాత్రి 24. ఒక్కో పొర మూడు మీటర్లు కాబట్టి చదరపు మీటరు నీటి స్తంభంలో పగలు 48,000, రాత్రి 72,000. పురుగులు పైకీ కిందికీ తిరిగితే మొత్తం మారకూడదు. మూడో వంతు పగలు ఎక్కడికి పోయింది? అది తేలకుండా బేరం గురించి రాస్తే పరీక్షకులు మొదట అక్కడే పట్టుకుంటారు.

మూడు దారులున్నాయి. ఒకటి, నీ చివరి నమూనా 10.5 మీటర్ల దగ్గరిది. బురదకు ఆనుకుని ఉన్నవి నీ సీసాలోకి రాలేదు. రెండు, పగలు సీసా దిగడం చూసి తప్పించుకున్నాయి. కోపిపాడ్లు ఒక్క దూకులో తప్పుకుంటాయి, డాఫ్నియా లాంటి నీటి ఈగలకు అంత వేగం లేదు. మూడు, కలుపులోకి వెళ్లాయి. జాతుల వారీగా లెక్క ఉందా?

చంద్రగిరి_కుర్రాడు
ఉంది అక్కా. రాత్రి 24లో 14 కోపిపాడ్లు, 10 నీటి ఈగలు. పగలు చెరో 8. సగటు లోతు కట్టాను: పగలు 7.5 మీటర్లు, రాత్రి 4.4. నీటి తేట కొలిచే సెక్కీ బిళ్ల 1.8 మీటర్ల వరకు కనిపించింది. తొమ్మిది మీటర్ల కింద ఆక్సిజన్ లీటరుకు 1 మిల్లీగ్రాము కూడా లేదు.

సూక్ష్మదర్శిని_లక్ష్మి
తగ్గిన ఎనిమిదిలో ఆరు కోపిపాడ్లేనా? అయితే సీసాను తప్పించుకోవడమే మొదటి అనుమానం. రెండు నీటి ఈగల కోసం అడుగు నుంచి అర మీటరు పైన ఒక నమూనా తీసి చూడు.

ఇప్పుడు బేరానికి వద్దాం. సెక్కీ లోతుకు 2.7 రెట్లు, అంటే ఐదు మీటర్ల దగ్గర పైవెలుతురులో నూటికి ఒక వంతు మిగులుతుంది. అక్కడి నుంచి తొమ్మిది వరకు చీకటి. ఆ కింద ఊపిరాడడం కష్టం. నీ 9 సరిగ్గా ఆ సందులో ఇరుక్కున్నాయి. పగలు పైన మిగిలిన ఆ మూడూ ఎంత పొడవున్నాయో, గుడ్లున్నాయో లేదో చూడు. చిన్నవి, గుడ్లు లేనివి చేప కంటికి సులువుగా ఆనవు, అవి మేత దగ్గర ఉండిపోగలవు. గుడ్లు మోసే పెద్ద ఆడవాటికి ఆ వీలు లేదు. నివేదిక అక్కడే బలపడుతుంది.

పేడ_చెక్క_రైతు
మీ జలాశయంలో బొచ్చె వదిలారు కదా? బొచ్చె కన్నుతో ఏరుకోదు, నోరు తెరిచి నీళ్లు వడకట్టుకుంటుంది. చీకటైతే దానికేమిటి? చేపల భయం అన్నది పుస్తకం మాట.

నీటిఈగల_మేష్టారు
పెద్ద బొచ్చె సంగతి అంతే, ఒప్పుకుంటాను. కానీ ఆ నీటిలో చిన్న చేపలు, ఇతర చేపల పిల్లలు కన్నుతోనే ఏరుకుంటాయి. ఏది ఎక్కువ తింటోందో చేప కడుపు కోసి చూడకుండా ఎవరూ చెప్పలేరు.

మరో మాట. రాత్రి నమూనా ఏ తిథిలో తీశావు బాబూ?

చంద్రగిరి_కుర్రాడు
తిరుమలలో పౌర్ణమి గరుడ సేవ అయిన మూడో రోజు సార్. ఆ రద్దీ తగ్గాకే బస్సు దొరికింది.

నీటిఈగల_మేష్టారు
అదీ సంగతి. పౌర్ణమి దాటాక చంద్రుడు ఆలస్యంగా లేస్తాడు. చీకటి చూసి పురుగులు పైకి వస్తాయి, అంతలో వెన్నెల పడుతుంది. మొజాంబిక్‌లోని కహోరా బాస్సా జలాశయంలో సార్డిన్ చేపలు అలాగే పండగ చేసుకున్నాయని గ్లివిచ్ 1986లో రాశాడు. నువ్వు పదింటికి తీశావు, అప్పటికి వెన్నెల వచ్చేసింది. నీ రాత్రి సగటు 4.4 కావడం, ఇంకా పైకి రాకపోవడం దాని వల్లేనేమో. అమావాస్యకు మళ్లీ తీయి.

ఎండకొండ
అంటే వెలుతురే కారణమని మీరే అంటున్నారు. నేను మొదటి నుంచి చెప్పింది అదే కదా?

నీటిఈగల_మేష్టారు
వెలుతురు వేళ చెబుతుంది. కారణం వేరు. చేప వాసన కలిసిన నీటిలో అదే వెలుతురుకు నీటి ఈగలు ఎక్కువ దిగుతాయి. ఇక నేను రాయను.

పులికాట్_పిల్ల
వేరుశనగ చెక్క కిలో ఎంతుందండీ?

చంద్రగిరి_కుర్రాడు
అమావాస్యకు వెళ్తున్నాను. తాడుకు అర మీటరు గుర్తులు కూడా పెట్టాను. పడవ మాత్రం ఇంకా దొరకలేదు.