సమస్య: ఏడు నేడు గలుప నేడె వచ్చె

నీలిసిరా:

ఈ వారం సమస్య నా వంతు. పాదం ఇచ్చే ముందు చిన్న కథ చెప్తా, ఎందుకంటే పూరణ ఈ కథలోంచే రావాలి, బయటి నుంచి పురాణాలు పట్టుకురావద్దు.

ఆదివారం సాయంత్రం. బామ్మ నోటు పుస్తకం తెరిచి మనవడి ముందు పెట్టింది. "పాలకీ పేపరుకీ ఈ వారం ఎంతివ్వాలో నువ్వే కూడు" అంది. పాలు లీటరు 40, పేపరు రోజుకి 5, ఆదివారం మాత్రం 8 (రేట్లు లెక్క కోసం వేసుకున్నవే). వాడు పుస్తకంలోకి చూడనే లేదు. ఏడు నలభైలు 280, ఏడు అయిదులు 35, మొత్తం 315 అని టక్కున చెప్పేసి లేవబోయాడు. బామ్మ తప్పనలేదు. "కూర్చో, గడులు గీయి" అంది.

ఎడమ పక్క ఏడు రోజుల పేర్లు, తర్వాత పాలకో నిలువు గడి, పేపరుకో గడి, చివర ఆ రోజు మొత్తం. సోమ, మంగళ, గురు, ఆదివారాలు లీటరు చొప్పున. బుధ, శనివారాలు అరలీటరే. శుక్రవారం పాలు రాలేదు, అక్కడ వాడు గడి ఖాళీగా వదిలేస్తే బామ్మ సున్నా పెట్టించింది, ఖాళీగా ఉంటే రాయడం మర్చిపోయామో పాలే రాలేదో రేపు మనకే తెలీదు అని. పాల గడి నిలువుగా కూడితే 200. పేపరు గడి 38. రెండూ కలిపితే 238. అప్పుడు చివరి గడిని పైనుంచి కూడమంది: 45, 90, 115, 160, 165, 190, 238. అడ్డంగా వచ్చిందీ నిలువుగా వచ్చిందీ ఒకటే అయ్యేసరికి వాడి మొహం వెలిగిపోయింది.

ఆ ఊపులో పేజీ అడుగున ఇంకో వరస రాశాడు. పాలు 7 రోజులు, పేపరు 7 రోజులు, మొత్తం 14 రోజులు! బామ్మ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. "వారానికి పద్నాలుగు రోజులట్రా?"

ఇదీ కథ. నాలుగో పాదంగా ఇది వచ్చేట్టు ఆటవెలది రాయండి:

ఏడు నేడు గలుప నేడె వచ్చె

కొత్తకలం:

అన్నా, సమస్యలోనే యతి తప్పినట్టుంది కదా? మొదటి అక్షరం ఏ, నాలుగో గణం మొదటి అక్షరం నే. ఏ-కీ నే-కీ ఎక్కడి మైత్రి?

నీలిసిరా:

విడగొట్టి చూడండి. గలుపన్ + ఏడె. ఆ నకారం ముందు మాట చివర్నుంచి వచ్చి అతుక్కుంది, అసలు మాట ఏడె. ఏ-కి ఏ సరిపోయింది, స్వరయతి. మీ అనుమానం మాత్రం దాచుకోండి, తర్వాత పనికొస్తుంది.

గడిగీత:

నా పూరణ:

పాల కేడు గీత, పత్రిక కేడని
గీసి మనుమ డడుగ, కిలకిలమని
నవ్వి చెప్పె నవ్వ "నాళ్ళవే రెంటను
ఏడు నేడు గలుప నేడె వచ్చె"

గురులఘువు:

బాగుంది. గణాలు సరిపోయాయి. పా-ప, గీ-కి, న-నా యతులు కూడా. కిలకిలమని అన్న మాట యతి కోసం తెచ్చినట్టు లేకుండా కథలో నవ్వుకి సరిగ్గా అతికింది. సమస్య కూడా విడిపోయింది, రెండు గడుల్లోనూ ఉన్నవి ఆ రోజులే కాబట్టి రెండింటినీ కలిపినా ఏడే.

రెండు చోట్ల పట్టుకుంటా. ఏడు గీతలు అనాలి, గీత అని ఏకవచనంలో ఆపేశారు, గణం కోసమని తెలిసిపోతోంది. రెండోది పెద్దది. మూడో పాదం 'రెంటను' అని ముగించి నాలుగో పాదం అచ్చుతో ఎత్తుకున్నారు. మాట్లాడేప్పుడు పర్లేదు, పద్యంలో అక్కడ సంధి జరిగి తీరాలి. 'రెంటిలో' అనండి. లోన్ + ఏడు, అప్పుడు నాలుగో పాదం 'నేడు నేడు గలుప' అవుతుంది. రెంటిలో అన్నా గణం చెడదు.

గడిగీత:

నేడు నేడు! వినడానికే బాగుంది. మార్చేశా. గీత సంగతి ఆలోచిస్తా, గీతలు అంటే పాదం పొంగిపోతోంది.

కొత్తకలం:

నేనూ ఒకటి రాశా, తిట్టకండి, ఇది నా మూడో పద్యం.

సోమవార మాది లెక్కలు వ్రాయించి
పాలు రాని రోజు పక్క నుంచి
పత్రికయును గలిపి బామ్మ లెక్కించగ
నేడు నేడు గలుప నేడె వచ్చె

గురులఘువు:

తిట్టడానికి ఏముంది, మూడో పద్యానికి గణాలన్నీ కుదిరాయంటే మాటలా! లెక్కించగ-నేడు సంధి కూడా చక్కగా వేశారు. మొదటి పాదంలో యతి ఒక్కటే పోయింది. సో-కి లె కుదరదు. అక్కడ స, చ, జ లాంటి అక్షరం ఉ, ఊ, ఒ, ఓలతో రావాలి.

లెక్కలమాస్టారు:

యతి మీరు చూసుకోండి, నాకు లెక్క తప్పినట్టుంది. పాలు రాని రోజుని పక్కన పెట్టేస్తే పాల గడిలో మిగిలేది ఆరు రోజులే. ఆరూ ఏడూ ఉన్నాయి మీ పద్యంలో. ఇక ఏడూ ఏడూ ఎక్కడ కలిపినట్టు? బామ్మ సున్నా పెట్టించింది అందుకే కదా. సున్నా వేస్తే మొత్తం మారదు, గడుల సంఖ్య మాత్రం ఏడుగానే ఉంటుంది. గడి వదిలేస్తే మాత్రం కింది రోజు అంకె పైకి జరిగి శనివారం అరలీటరు శుక్రవారం ఎదురుగా కూర్చుంటుంది. నిలువు కూడిక అప్పుడూ 200 వస్తుంది, అందుకే ఆ తప్పు కంటికి ఆనదు.

ఇంకో మాట. అడ్డం నిలువు కలిశాయని మురిసిపోకూడదు. కూడడంలో తప్పు దొరుకుతుంది గానీ, బుధవారం అరలీటరుకి బదులు లీటరు అని రాసుకుంటే రెండు వైపులా కలిసి 258 వస్తుంది, చక్కగా సరిపోయిన తప్పు లెక్క.

గురులఘువు:

మాస్టారూ, మీరన్న సున్నాతోనే యతీ కుదిరిపోయింది చూడండి! సో-కి సు.

సోమవార మాది సున్నయు వ్రాయించి
పాలు రాని రోజు పక్క గడిని
పత్రికయును గలిపి బామ్మ లెక్కించగ
నేడు నేడు గలుప నేడె వచ్చె

కొత్తకలం గారూ, మీవి రెండే మాటలు మార్చా. ఒకటి ఛందస్సు అడిగింది, ఇంకోటి లెక్క అడిగింది. పక్క నుంచి అన్నదాన్ని 'పక్క వైపు నుంచి' అని కూడా చదువుకునే ప్రమాదం ఉండేది, అదీ పోయింది.

కొత్తకలం:

అబ్బ, ఇది నాదని చెప్పుకోవచ్చా? సగం మీదే.

తెల్లకాగితం:

సమస్య నాకు సరిగా అర్థం కాలేదు గానీ, మొత్తం 238 అని పద్యంలో రావాలా? మాది కొంచెం వేరే గొడవ. మేం వారం పాటు ఇంట్లో లేం, పాలు ఆపమని చెప్పాం, పేపరు ఆపమని చెప్పడం మర్చిపోయాం. వచ్చేసరికి గుమ్మంలో ఏడు పేపర్ల కట్ట. పాలకి సున్నా, పేపరుకి ఏడు. కలిపితే ఏడే! మా ఆవిడ ఇదే సమస్యకి జవాబు అంటోంది.

నీలిసిరా:

238 రానక్కర్లేదండీ. మీ ఇంట్లో జరిగింది 'సున్న నేడు గలుప' అవుతుంది, సమస్యలో ఏడు రెండుసార్లు ఉంది. అయినా కట్ట ఏడు పేపర్లదే అన్నారు కదా, ఆ ఏడు రోజుల్లో ఆదివారం ఉంది కాబట్టి కథలో రేట్ల ప్రకారం 38, ఏడయిదులు 35 అనుకోకండి.

తెరచాప:

అందరూ 7 + 7 దగ్గరే తిరుగుతున్నారు. నేను మాటల్నే వేరేగా విరిచా. ఏడు అంటే ఏడు రోజుల లెక్క, నేడు అంటే ఇవాళ, నేడె అంటే ఇవాళే.

లెక్క పొత్తమందు లీటర్లు చూపించి
బాకి తెలుపు మనగ బామ్మ, బుడుత
వ్రేళ్ళ లెక్కవెట్టె, వీధిలో పాలన్న
యేడు నేడు గలుప నేడె వచ్చె

వీడు ఇవాళ కూర్చుని ఏడు రోజులూ కూడుతుంటే పాలన్న సరిగ్గా ఇవాళే వచ్చేశాడు. లెక్క తేలకముందే గుమ్మంలో మనిషి. బామ్మ టెన్షన్ ఊహించుకోండి.

గడిగీత:

ఇది కదా విరుపంటే!

గురులఘువు:

విరుపు అద్భుతం, యతి ఢమాల్. నేడె అంటే 'ఇవాళే' అన్నప్పుడు ఆ నకారం సంధిలో వచ్చింది కాదు, మాటలో పుట్టిందే. ఇప్పుడు ఏ-కి నే కుదరదు. కొత్తకలం గారు మొదట్లో అడిగిన ప్రశ్నే, ఆ అనుమానం అక్కడ తప్పు, ఇక్కడ ఒప్పు.

గలుప అన్నదానికి కర్త కూడా తేలట్లేదు, చదివితే పాలన్నే కలిపినట్టుంది. బాకీని బాకి చేశారు, అది సర్దుకోవచ్చు.

తెరచాప:

కర్త గురించి ఒప్పుకుంటా. యతి గురించి ఒప్పుకోను. ఆటవెలదిలో ప్రాసయతి చెల్లుతుంది. ఏడు, నేడె: రెండింట్లోనూ రెండో అక్షరం డకారం, దాని ముందున్నవి రెండూ గురువులు. ఇంకేం కావాలి?

గురులఘువు:

...చెల్లుతుంది. తొందరపడ్డా.

నీలిసిరా:

ఒక్క నిమిషం. ఛందస్సు ప్రకారం చెల్లినా నాకు తృప్తిగా లేదు. నేను పాదం ఇచ్చింది స్వరయతితో. పూరించేవాళ్ళు మాట విరిచి యతి రకాన్నే మార్చేస్తే అది నా పాదమేనా?

తెరచాప:

అక్షరం మార్చలేదుగా, అన్నా. యడాగమం తప్ప.

గురులఘువు:

దీని మీద నాకూ రెండు మనసులుగానే ఉంది. వదిలేద్దాం ఇవాల్టికి.

లెక్కలమాస్టారు:

మీరు యతి దగ్గర కొట్టుకుంటుంటే నేను కథ మళ్ళీ చదివా. పిల్లాడు మొదట చెప్పింది 315, అసలు 238. వాడు పాలలో రెండు లీటర్లు ఎక్కువేశాడు, అంటే 80 ఎక్కువ. పేపరులో ఆదివారం మర్చిపోయి 3 తక్కువేశాడు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కాబట్టి చివరి తేడా ఒక్కటే చూస్తే వాడు ఎక్కడ తప్పాడో పట్టుకోలేం, విడివిడి గడులు గీస్తేనే రెండు తప్పులూ రెండు చోట్ల బయటపడతాయి.

సరే, ఆ తేడా ఎంతో చూశారా? 77. ఏడు పక్కన ఏడు! నీలిసిరా గారూ, ఇది కావాలనే పెట్టారా?

నీలిసిరా:

లేదు మాస్టారూ, ఇప్పుడే చూస్తున్నా! రేట్లు నోటికొచ్చినవి రాశా.

కొత్తకలం:

అయితే 'ఏడు పక్క నేడు' అని ఇంకోటి మొదలుపెడుతున్నా, ఏ-కి యతి ఎవరైనా చూసిపెట్టండి.