గ్రూప్ ఫోటోలో ఒకరు కళ్ళు మూశారు: ముఖం ఒక్కటే మార్చాలా, మెడ, కాలర్‌తో సహా తల మొత్తమా?

రవళి
ఇంట్లోవాళ్ళందరూ ఉన్న గ్రూప్ ఫోటో. కెమెరా స్టాండు మీదే ఉంది, వెంటవెంటనే తీసిన ఫ్రేములు. 3వ ఫ్రేమ్‌లో అందరూ బాగా వచ్చారు, మధ్యలో కూర్చున్న మా పెదనాన్న మాత్రం కళ్ళు మూసేశారు. 5వ ఫ్రేమ్‌లో కళ్ళు బాగున్నాయి, కానీ అప్పటికి మబ్బు తొలగి ఎండ పడింది, తల కూడా కొంచెం కదిలింది. తెల్ల చొక్కా, కాలర్ ఉంది. ఫోటోషాప్‌లో ముఖం ఒక్కటే తెచ్చి పెడితే మెడ రంగుతో కలవడం లేదు. తల, మెడ, కాలర్ మొత్తం తెచ్చేయనా?

బ్రష్ బాబాయ్
ముఖం ఒక్కటే చాలమ్మా. ఎంత తక్కువ తెస్తే అంత తక్కువ తంటా. దవడ గీత దేవుడిచ్చిన అతుకు. దాని కింద ఎలాగూ నీడ ఉంటుంది, మాస్కు అంచు ఆ నీడలో కలిసిపోతుంది. కాలర్ దాకా వెళ్ళావంటే చొక్కా మడతలు, పక్కవాళ్ళ భుజం, వెనకున్న గోడ అన్నీ నెత్తికెక్కుతాయి. రంగు సంగతి Curves చూసుకుంటుంది.

సాయి_క్లిక్
తల మొత్తం. రెండో మాట లేదు.

పాత నెగెటివ్
మా స్టూడియోలో రోజూ చేసే పనే ఇది. కోటు బొమ్మలు రెడీగా ఉంటాయి, కస్టమర్ ముఖం మెడ దాకా కోసి కాలర్ లోపలికి దూర్చేయడమే. ఒక కస్టమర్ అయితే "మెడ నాది కాదు" అని ఫోటో తిరిగి ఇచ్చేశాడు, డబ్బులూ ఇవ్వలేదు. అప్పటినుంచి మెడ కూడా కస్టమర్‌దే తెస్తున్నాం. మీరూ మెడతో సహా తెచ్చుకోండి.

రవళి
నెగెటివ్ గారూ, ఇక్కడ కోటు లేదండీ. రెండు ఫోటోల్లోనూ ఉన్నది ఒకే మనిషి, ఒకే చొక్కా.

కామేశ్వరి
రవళీ, రంగు గొడవ తర్వాత చూద్దాం. ముందు రెండు ఫ్రేముల్నీ ఒకే ఫైల్లో పొరలుగా పెట్టి Auto-Align Layers నడుపు. స్టాండు ఉన్నా సరే, నడుపు. తర్వాత పై పొరను సగం పారదర్శకం చేసి ఆయన చెవులు చూడు. 3లో ఎడమ చెవి ఎంత కనిపిస్తోందో 5లోనూ అంతే కనిపిస్తే తల తిరగలేదన్నమాట, అప్పుడు బాబాయ్ చెప్పినట్టు ముఖం ఒక్కటే సరిపోతుంది. ఒక చెవి ఎక్కువ, ఇంకోటి తక్కువ కనిపిస్తే తల తిరిగినట్టే. అలాంటప్పుడు కొత్త దవడ పాత దవడ మీద కూర్చోదు. ఒక వైపు పాత దవడ అంచు సన్నగా బయటికి తొంగిచూస్తుంది. దాన్ని తుడవాలంటే వెనకున్న మెడను నువ్వే గీయాలి. పైగా తల తిరిగితే మెడ కండరం కూడా బిగుస్తుంది. పాత మెడ మీద కొత్త ముఖం పెడితే, ఎక్కడో తేడాగా ఉందని చూసేవాళ్ళకి తెలుస్తుంది, ఎక్కడో చెప్పలేరు.

రంగు విషయానికొస్తే, నువ్వు ముఖాన్ని మెడతో పోలుస్తున్నావు, చిక్కంతా అక్కడే ఉంది. ఎండకి తిరిగే ఏ మనిషికైనా ముఖం, మెడ ఒకే రంగులో ఉండవు. రెండూ కలిసేదాకా లాగితే ముఖం వెలిసిపోతుంది. 3వ ఫ్రేమ్‌లో ఆయన పాత ముఖం ఉండనే ఉంది కదా, కళ్ళు మూసుకున్నంత మాత్రాన నుదురు ఎక్కడికీ పోలేదు. పాత నుదుటిని, కొత్త నుదుటిని ఒకే చోట Info ప్యానెల్‌లో చదువు. ఉదాహరణకి పాతది ఎరుపు 186, పచ్చ 142, నీలం 118 అనుకో, ఎండలోది 204, 152, 120 అనుకో. కొత్త పొరకు మాత్రమే తగిలేలా Curves పెట్టి, ఎరుపు గీత మీద 204 దగ్గర చుక్క పెట్టి 186కి దించు. పచ్చలో 152ని 142కి, నీలంలో 120ని 118కి. అప్పుడు నుదురు కలుస్తుంది. తర్వాత నీడవైపు చెంప మీద ఇలాగే ఇంకో చుక్క.

బ్రష్ బాబాయ్
చెవులు చూడమన్నది బాగానే ఉంది. కానీ పాత దవడ బయటికి వస్తుందన్న మాట ఒప్పుకోను. Liquify పెట్టి ఒక్క తోపు తోస్తే లోపలికి పోతుంది. ఇంతదానికి మెడ దాకా కోయడమెందుకు?

కామేశ్వరి
తోస్తే దవడతో పాటు దాని వెనకున్న కాలర్ అంచు కూడా వంగుతుంది. తెల్ల కాలర్ నిటారుగా ఉండే గీత, అది వంగితే ఎవరికైనా తెలిసిపోతుంది.

బ్రష్ బాబాయ్
కాలర్ మీద freeze మాస్కు వేసి తొయ్యాలి. ఆ సంగతి తెలియకుండానే ఇన్నేళ్ళు చేశామా?

కామేశ్వరి
Freeze వేస్తే కాలర్ కదలదు, సరే. దానికీ దవడకీ మధ్యనున్న మెడ చర్మం సాగుతుంది. చర్మం గరుకు అక్కడ పలచబడుతుంది. పెద్దగా ప్రింట్ వేస్తే మైనం పూసినట్టు కనిపిస్తుంది.

సాయి_క్లిక్
ఇద్దరూ దవడ దగ్గరే ఆగిపోయారు 😄 కాలర్ సంగతేంటి?

కామేశ్వరి
చెప్తా. మాస్కు అంచు నున్నటి చర్మం మీద పడకూడదు. మెడ మధ్యలో కోస్తే ఎంత మెత్తటి బ్రష్ వాడినా రెండు వెలుగులు కలిసే చోట పట్టీలా కనిపిస్తుంది. కాలర్ లోపలి అంచు అసలు ఫోటోలో ఉన్న గీతే, అక్కడ కోస్తే కంటికి కొత్తగా ఏమీ తగలదు. అందుకే తల, మెడ కొత్తవి, కాలర్ పాతది అంటాను. తెల్ల బట్టను తేకపోతేనే నయం. చర్మంలో కాస్త పసుపు ఎక్కువైనా ఎవరికీ పట్టదు, తెలుపులో చిటికెడు తేడా ఉన్నా పట్టేస్తుంది. జుట్టు దగ్గర ఇందుకు వ్యతిరేకం. వెనక గోడ ఒకటే కాబట్టి వెంట్రుకల అంచున కోయకు. తల చుట్టూ వేలెడు గోడ కూడా తెచ్చుకుని, అంచును గోడ మీద కలిపెయ్యి.

ఒక్క చిక్కుంది. ఎండలో గడ్డం నీడ మెడ మీద నుంచి కాలర్ మీదికి కూడా పడి ఉంటుంది. కాలర్ వదిలేస్తే ఆ నీడ అంచు దగ్గర టక్కున తెగిపోతుంది. కొత్త పొర తెరిచి Multiply పెట్టి, మెడ నీడ రంగునే తీసుకుని తక్కువ గాఢతతో కాలర్ మీదికి సాగదీయాలి.

బ్రష్ బాబాయ్
చూశారా! ముఖం ఒక్కటే తెస్తే ఈ నీడ గొడవే లేదు. ఈవిడ ముందు సమస్య తెచ్చి తర్వాత దానికి మందు చెప్తోంది.

కామేశ్వరి
ముఖం ఒక్కటే తెచ్చినా ముక్కు నీడ వస్తుంది కదా బాబాయ్? మిగిలిన వాళ్ళందరూ మబ్బు వెలుగులో ఉంటే ఆయన ఒక్కడి ముక్కు పక్కన కత్తితో గీసినట్టు నీడ. దాన్నేం చేస్తారు? Curves నీడను పలచన చేస్తుందిగానీ దాని అంచును మెత్తబరచదు. నీడను మరీ పైకి లాగితే అందులో గింజలు లేస్తాయి. రవళీ, ముక్కు నీడ అంచు గట్టిగా ఉంటే 5వ ఫ్రేమ్‌ని వదిలెయ్యి. ముఖమైనా, తలైనా అది పనికిరాదు.

బ్రష్ బాబాయ్
పనికిరాదట! ఇంట్లోవాళ్ళ ఫోటో ఇది, ప్రదర్శనకి పెట్టేది కాదు. మీలాంటి వాళ్ళు ఇలా భయపెట్టే కొత్తవాళ్ళు బ్రష్ పట్టుకోవడం మానేస్తున్నారు.

కామేశ్వరి
మీలాంటి వాళ్ళు "చాల్లే" అని అతికించినవి బాగుచేయమని నా దగ్గరికి వస్తాయి. అందుకే చెప్తున్నాను.

పాత నెగెటివ్
మెల్లగా, మెల్లగా.

బ్రష్ బాబాయ్
సరే, అసలు విషయం చెప్తా. మా అన్నయ్య ఫోటో ఒకటి ఇలాగే "సరిచేసి" ఇచ్చారు ఒక చోట. ఆయనకి తల కాస్త ఒక పక్కకి వాల్చి కూర్చునే అలవాటు. వాళ్ళు ఇంకో ఫ్రేమ్‌లోని తల తెచ్చి నిటారుగా నిలబెట్టేశారు. అతుకు కనిపించలేదు, రంగు అద్భుతం. మా వదిన మాత్రం ఆ ఫోటో గోడకి పెట్టనివ్వలేదు. తల మార్చితే మనిషి కూర్చున్న తీరే మారిపోతుంది కామేశ్వరీ. నేను ముఖం ఒక్కటే అనేది అందుకు, దవడ గీత కోసం కాదు.

కామేశ్వరి
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత రాసేదాన్నే కాదు. రవళీ, 3లో మీ పెదనాన్న తల ఎలా ఉంది?

రవళి
అదే చెప్పడం మర్చిపోయాను. 3లో పెద్దమ్మ వైపు వాలి ఉన్నారు. 5లో నిటారుగా కెమెరా వైపు చూస్తున్నారు. చెవులు మాత్రం రెండింటిలోనూ ఒకేలా కనిపిస్తున్నాయి. ముక్కు నీడ గట్టిగానే ఉంది 😕

కామేశ్వరి
అయితే తల తిరగలేదు, వాలింది అంతే. తిరిగిన తలను సరిచేయలేం, వాలినదాన్ని చేయొచ్చు. తల, మెడ కలిపి Free Transform తీసుకుని, తిప్పే కేంద్రాన్ని రెండు కాలర్ కొసల మధ్యకు జరిపి, పాత తల కళ్ళ గీత మీదికి వచ్చేదాకా తిప్పు. కాలర్‌ని కలిపి తిప్పితే చొక్కా కూడా వాలిపోతుంది, కాబట్టి కాలర్ పాతదే ఉంచాలి. బాబాయ్ అడిగిన వాలు ఇందులో ఉంటుంది. ముక్కు నీడకి మాత్రం నా దగ్గర మందు లేదు.

బ్రష్ బాబాయ్
తిప్పిన వాలు, మనిషి తనంతట తాను వాలిన వాలు ఒకటి కావు. భుజం కూడా దిగుతుంది. అయినా సరే, నిటారుగా పెట్టడం కంటే మేలే.

కామేశ్వరి
భుజం 3లోదే కదా బాబాయ్, అది దిగే ఉంది.

సాయి_క్లిక్
4వ ఫ్రేమ్ గురించి ఎవరూ అడగలేదే?

రవళి
4లో ఇంకా మబ్బే ఉంది. తల 3లో లాగే వాలి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ ఏదో మాట్లాడుతున్నారు, నోరు సగం తెరిచి ఉంది. అందుకే పక్కన పెట్టేశాను.

బ్రష్ బాబాయ్
కళ్ళు రెండూ చాలు! నోరు 3లోదే ఉండనీ. ముఖం కూడా అక్కర్లేదు.

కామేశ్వరి
వెలుగు ఒకటే కాబట్టి రంగు పనే ఉండదు, అది నిజం. కానీ ఒకటి చూసుకో. 3లో నవ్వుతున్నారా? నవ్వితే కింది రెప్ప పైకి లేస్తుంది, కళ్ళ పక్కన ముడతలు పడతాయి. మాట్లాడేటప్పటి కళ్ళు అలా ఉండవు. నవ్వే నోటి మీద ఆ కళ్ళు పెడితే గుడ్లు మిటకరించినట్టు ఉంటుంది. మాస్కును కింది రెప్ప కిందిదాకా దించకు, పై రెప్పా కనుగుడ్డూ మాత్రం తెచ్చి, కింది రెప్పా పక్క ముడతలూ 3లోవే ఉంచి చూడు.

రవళి
కొంచెం నవ్వుతున్నారు, పళ్ళు కనిపించేంత కాదు. మీరు చెప్పినట్టే చేశాను. ఫోన్లో చూస్తే బాగుంది. పెద్ద తెర మీద ఎడమ కన్ను కాస్త పెద్దదిగా అనిపిస్తోంది, కుడిది సరిగ్గా ఉంది.

కామేశ్వరి
బొమ్మను అడ్డంగా తిరగేసి చూడు. అప్పుడు కూడా అదే కన్ను పెద్దదిగా అనిపిస్తే కింది రెప్ప దగ్గర మాస్కు ఇంకా పైకి జరపాలి.

బ్రష్ బాబాయ్
అమ్మా, మీ పెద్దమ్మకి చూపించు ముందు. ఆవిడ ఏమీ అనకపోతే ఆ కన్ను జోలికి పోకు.

కామేశ్వరి
ప్రింట్ సైజు ఎంతో చెప్పలేదింకా.